7.6 సీజీపీఏకి జర్మన్ గ్రేడ్ ఎంత? 2.2నా, 2.6నా?

"అక్కా, మాది అనంతపురం. బెంగళూరులో మారతహళ్లి దగ్గర పీజీలో ఉంటూ జాబ్ చేస్తున్నా. కర్ణాటక వీటీయూ యూనివర్సిటీ కింది కాలేజీలో సీఎస్‌ఈ చేశా, 2018 సిలబస్ స్కీమ్, సీజీపీఏ 7.6. జర్మనీలో మాస్టర్స్‌కి అప్లై చేద్దామని కన్సల్టెన్సీకి వెళ్తే ఒకరు నా గ్రేడ్ 2.2 అన్నారు. ఇంకొకరు 2.6 అవుతుంది, 2.5 కటాఫ్ ఉన్నవి వదిలెయ్ అన్నారు. అమెరికాకి కూడా పెడితే జీపీఏ 3.04 వస్తుందట, ముందే వెస్ అనే సంస్థతో మార్కుల ఇవాల్యుయేషన్ చేయించుకో అంటున్నారు. ఎవరిని నమ్మాలి? చాలా టెన్షన్‌గా ఉంది."

తమ్ముడూ, ఆ ఇద్దరూ లెక్క తప్పలేదు. ఒకే ఫార్ములాలో వేరే వేరే అంకెలు పెట్టారు, అందుకే జవాబు మారింది. జర్మనీలో బయటి దేశాల మార్కుల్ని మార్చడానికి వాడే పద్ధతిని మోడిఫైడ్ బవేరియన్ ఫార్ములా అంటారు. అది ఇది:

```
x = 1 + 3 × (Nmax − Nd) / (Nmax − Nmin)
```

Nmax అంటే మీ యూనివర్సిటీలో రాగలిగిన గరిష్ఠ మార్కు, Nd నీకు వచ్చింది, Nmin పాస్ కావడానికి కావాల్సిన కనీస మార్కు. అక్కడ 1 అంటే అన్నిటికంటే మంచి గ్రేడ్, 4 అంటే గట్టెక్కినట్టు. గొడవ రెండు చోట్ల వస్తుంది: ఆ Nmin ఎంత తీసుకోవాలి, లెక్క పదికి వెయ్యాలా శాతంలో వెయ్యాలా.

నీ 7.6ని పెట్టి చూద్దాం. వీటీయూలో సబ్జెక్టు పాస్ గ్రేడుకి 4 పాయింట్లు కాబట్టి Nmin 4 అనుకుంటే, 10 లోంచి 7.6 తీస్తే 2.4, కింద 6, మూడుతో గుణిస్తే 1.2, ఒకటి కలిపితే 2.2. మొదటి కన్సల్టెన్సీ చెప్పింది ఇదే. కానీ డిగ్రీ చేతికి రావాలంటే మొత్తం సీజీపీఏ 5 ఉండాలి కదా, అదే కనీసం అని ఎవరైనా 5 తీసుకుంటే నీ గ్రేడ్ 2.44 అవుతుంది. ఇక మూడోది పర్సంటేజీ దారి. మీ స్కీముకి వీటీయూ ఇచ్చే సూత్రం సీజీపీఏలోంచి 0.75 తీసి పదితో గుణించడం, అంటే నీకు 68.5 శాతం. దాన్ని గరిష్ఠం 100, పాస్ మార్కు 40తో వేస్తే 2.575 వస్తుంది, రెండో ఆయన దాన్నే 2.6 అని చెప్పి ఉంటాడు. నీ చదువులో ఏమీ మారలేదు, ఒకే మార్కుల కార్డు మీద మూడు గ్రేడులు వచ్చాయి.

ఇంకో సంగతి, జర్మనీలో ఈ లెక్కలో ఒక దశాంశ స్థానం వరకే చూస్తారు, చాలా చోట్ల రౌండ్ చెయ్యరు, రెండో అంకెను కొట్టేస్తారు. అలా చూసే చోట 2.575 కూడా 2.5గానే నిలుస్తుంది. కాబట్టి 2.5 కటాఫ్ ఉన్నవి వదిలెయ్ అన్న మాట అంత సులువుగా నమ్మి లిస్టు కొట్టెయ్యకు, ఆ యూనివర్సిటీ పేజీలో గ్రేడ్ ఎలా లెక్కిస్తారో రాసి ఉందేమో ముందు చూడు.

మరి వీటిలో ఏది నీ గ్రేడ్ అనేది నువ్వు గానీ కన్సల్టెన్సీ గానీ తేల్చేది కాదు. నువ్వు పంపిన కాగితాల్లో ఏ స్కేలు కనిపిస్తుందో దాన్ని చూసి అక్కడ అప్లికేషన్లు చూసేవాళ్లే లెక్కేస్తారు. అందుకే నీ ట్రాన్‌స్క్రిప్ట్‌తో పాటు గ్రేడింగ్ స్కేలు ఉన్న పేజీ వెళ్లి తీరాలి. చాలామంది మార్కుల కార్డుల్ని ముందు వైపు మాత్రం స్కాన్ చేసి పెడతారు. గ్రేడులూ పాయింట్లూ పాస్ మార్కూ వివరించే పట్టిక ఎక్కువగా వెనక వైపే ఉంటుంది, అది లేకపోతే అవతల కూర్చున్న మనిషి తనకు తెలిసిన ఏదో ఒక కనీసంతో లెక్కేస్తాడు. రెండు వైపులా స్కాన్ చెయ్. పట్టిక ఎక్కడా లేకపోతే యూనివర్సిటీ నుంచి విడిగా గ్రేడింగ్ విధానం లెటర్ తీసుకుని జత చెయ్. ఇంకో మాట, అప్లికేషన్ ఫారంలో మీ మార్కులు ఎంత అని అడిగే చోట 7.6 అనే రాయి, పదికి అని రాయి. నువ్వే మార్చిన 2.2 అక్కడ రాశావంటే కాగితంతో పొసగదు.

చెన్నైలో అన్నా యూనివర్సిటీలో చదివిన ఫ్రెండ్ ఎవరైనా ఉంటే వాళ్ల గ్రేడుతో పోల్చుకోవద్దు. అక్కడ సీజీపీఏని పదితో గుణిస్తే శాతం, పాస్ మార్కు 50. అదే 7.6 అక్కడ 76 శాతం, గ్రేడ్ 2.44 అవుతుంది. హైదరాబాద్ జేఎన్‌టీయూ వాళ్లు 0.75 బదులు 0.5 తీస్తారు. వాళ్ల సూత్రం నీ కాగితం మీద పనికిరాదు.

ఇప్పుడు ఈ లెక్క ఎవరు చేస్తారో చెప్తా. కొన్ని యూనివర్సిటీలు సొంతంగా చూసుకుంటాయి. చాలా యూనివర్సిటీల తరఫున బెర్లిన్‌లోని యూని-అసిస్ట్ అనే సంస్థ కాగితాలు చూస్తుంది. ఒక సెమిస్టరుకి మొదటి అప్లికేషనుకి 75 యూరోలు, ఆ తర్వాత ఒక్కోదానికి 30 యూరోలు. కొన్ని చోట్ల ముందు యూని-అసిస్ట్ నుంచి వీపీడీ అనే కాగితం తెచ్చుకుని, తర్వాత యూనివర్సిటీకి నేరుగా పెట్టాలి. నీ మార్చిన గ్రేడ్ ఆ వీపీడీలో రాసి వస్తుంది. దానికి మామూలుగా 4 నుంచి 6 వారాలు పడుతుంది కాబట్టి, జూలై 15 గడువు ఉన్నదానికి జూన్ చివర్లో మొదలుపెడితే అందదు.

దీనికంటే ముందు ఏపీఎస్ ఉంది. 2022 నవంబరు 1 నుంచి మన దేశం వాళ్లకి జర్మనీ స్టూడెంట్ వీసాకి ఇది తప్పనిసరి. ఢిల్లీలోని ఏపీఎస్ ఆఫీసు నీ టెన్త్ నుంచి డిగ్రీ దాకా కాగితాలు నిజమైనవేనా అని చూసి సర్టిఫికెట్ ఇస్తుంది, ఫీజు 18,000 రూపాయలు. మార్కులు మార్చడం వాళ్ల పని కాదు. ఏపీఎస్ వచ్చేసింది కదా గ్రేడ్ ఖాయమైపోయింది అనుకుని మోసపోకు.

గ్రేడ్ కంటే ఎక్కువ మందిని వెనక్కి పంపేది క్రెడిట్లు, దాని గురించి నువ్వు అడగనే లేదు. జర్మనీలో చాలా కోర్సులు "మ్యాథ్స్‌లో ఇన్ని ఈసీటీఎస్ ఉండాలి" అని పెడతాయి. ఈసీటీఎస్ అంటే యూరప్ క్రెడిట్, ఏడాదికి 60, అంటే నాలుగేళ్ల డిగ్రీకి 240. మీ 2018 స్కీమ్ బీఈ మొత్తం 175 క్రెడిట్లు. 240ని 175తో భాగిస్తే ఒక వీటీయూ క్రెడిట్ 1.37 ఈసీటీఎస్ అవుతుంది. ఇప్పుడు నీ మ్యాథ్స్ తీసుకో. మొదటి రెండు సెమిస్టర్లలో నాలుగేసి, మూడు, నాలుగు సెమిస్టర్లలో మూడేసి, మొత్తం 14. దాన్ని 1.37తో గుణిస్తే 19.2. అడిగింది 20 అయితే నువ్వు అవుట్! అయితే మూడో సెమిస్టర్‌లో డిస్క్రీట్ మ్యాథమెటికల్ స్ట్రక్చర్స్ చదివావు కదా, అది 3 క్రెడిట్లు, కోడు 18CS36. మ్యాథ్స్ సబ్జెక్టుల కోడుల్లో ఉండే MAT దీని కోడులో లేదు కాబట్టి కంప్యూటర్ సబ్జెక్టనుకుని వదిలేసే అవకాశం ఉంది. దాన్ని కలిపితే 17 క్రెడిట్లు, 23.3 ఈసీటీఎస్, హాయిగా దాటేస్తావు. కోర్సు ఫారంలో సబ్జెక్టుల్ని విభాగాల వారీగా నింపమన్నప్పుడు దాన్ని మ్యాథ్స్ వరుసలో రాసి, సిలబస్‌లోని ఆ పేజీ జత చెయ్. లాజిక్, రిలేషన్లు, గ్రాఫులు అని అక్కడ కనబడితే అవతలి ప్రొఫెసరుకి ఇంకేం చెప్పక్కర్లేదు. అది లెక్కలోకి తీసుకోవాలా వద్దా అన్నది మాత్రం వాళ్ల చేతిలోదే.

ఇక అమెరికా. నీకు చెప్పిన 3.04 అంటే 7.6ని పదితో భాగించి నాలుగుతో గుణించారు. అలా ఏ ఇవాల్యుయేషన్ సంస్థా చెయ్యదు. వెస్, అంటే న్యూయార్క్‌లోని వరల్డ్ ఎడ్యుకేషన్ సర్వీసెస్, ఇంకా మిల్వాకీలోని ఈసీఈ లాంటివి నీ ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఒక్కో సబ్జెక్టు తీసుకుని, దాని గ్రేడుకి అమెరికా గ్రేడ్ ఏది సరిపోతుందో చూసి, క్రెడిట్ల బరువుతో సగటు తీస్తాయి. మన దగ్గర 60 వస్తే ఫస్ట్ క్లాస్, వాళ్ల దగ్గర 60 అంటే ఫెయిల్ అంచున ఉన్నట్టు. ఆ తేడా తెలిసిన సంస్థలు కాబట్టి నేరుగా భాగిస్తే వచ్చేదానికంటే చాలామందికి ఎక్కువే వస్తుంది. వెస్ సైటులో ఐజీపీఏ అనే కాలిక్యులేటర్ ఫ్రీగా ఉంటుంది, ఆదివారం కూర్చుని నీ సబ్జెక్టులు వేసి చూసుకో.

కానీ అందరికీ ముందే వెస్ చేయించుకో అన్న సలహా నాకు నచ్చలేదు. చాలా అమెరికా యూనివర్సిటీలు మీ మార్కులు మీ స్కేలులోనే పెట్టండి, మార్చొద్దు అని రాస్తాయి, వాళ్లే చూసుకుంటారు. అడిగిన యూనివర్సిటీలకే, అది కూడా వాళ్లు పేరు చెప్పిన సంస్థ నుంచే, వాళ్లు చెప్పిన రకమే చేయించు. రెండు రకాలుంటాయి. డాక్యుమెంట్ వారీది నీ డిగ్రీ అక్కడి దేనికి సమానమో మాత్రం చెబుతుంది. కోర్సు వారీదాంట్లో సబ్జెక్టులూ క్రెడిట్లూ జీపీఏ ఉంటాయి. తక్కువ ధర చూసి మొదటిది తీసుకుంటే జీపీఏ ఉండదు, మళ్లీ డబ్బు కట్టాలి. వెస్‌కి ట్రాన్‌స్క్రిప్ట్ నువ్వు పంపితే చెల్లదు. వాళ్ల ఫారం మీద సంతకం, ముద్ర వేసి యూనివర్సిటీయే నేరుగా పంపాలి, కవరైతే అంటించిన చోట స్టాంపు పడాలి. లోపల ఏముందోనని నువ్వు తెరిచావో ఆ కవరు అక్కడితో పోయినట్టే.

కాగితాలు మొదలుపెట్టే ముందు పాస్‌పోర్టునీ మార్కుల కార్డునీ పక్కపక్కన పెట్టి పేరు చూడు. మన తెలుగు పిల్లలకి సమస్య ఎక్కువ ఇక్కడే. కార్డులో ఇంటిపేరు ఒక్క ఇనీషియల్‌గా ఉంటుంది, పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిలో పూర్తిగా ఉంటుంది, చూసేవాళ్లకి ఇద్దరు మనుషుల్లా కనిపిస్తుంది. టెన్త్ సర్టిఫికెట్‌లో పూర్తి పేరుంటే అదీ, రెండు పేర్లూ ఒకే వ్యక్తివని రాసిన నోటరీ అఫిడవిట్టూ సిద్ధంగా పెట్టుకో.

ఇప్పుడు నువ్వు చేయాల్సిన మొదటి పని వీటీయూ ట్రాన్‌స్క్రిప్టుకి అప్లై చేయడం, అది బెళగావి నుంచి రావాలి కాబట్టి టైం అక్కడే పోతుంది. అది వచ్చేలోపు మీ స్కీమ్ సిలబస్ పీడీఎఫ్ దింపి, నువ్వు పెట్టాలనుకునే కోర్సులు అడిగిన ఈసీటీఎస్ ముందు నీ సబ్జెక్టులూ క్రెడిట్లూ రాసి ఒక షీటు తయారు చెయ్. ఆ షీటులో ఎక్కడైనా రెండు మూడు ఈసీటీఎస్ తక్కువ పడుతుంటే, ఆ కోర్సు కోఆర్డినేటర్‌కి సబ్జెక్టు కోడుతో, సిలబస్ పేజీతో మెయిల్ పెట్టి అది లెక్కలోకి వస్తుందా అని ఫీజు కట్టకముందే అడుగు.