బి12 తగ్గితే కుక్కకు పేగు క్యాన్సర్ ఉన్నట్టేనా?

ప్రశ్న: మా మామిడితోట కాపలాకు ఏడేళ్ల లాబ్రడార్ ఉంది. నాలుగు నెలలుగా పారుకుంటూనే ఉంది. మెట్రోనిడజోల్ వేసినన్నాళ్లు తగ్గుతుంది, ఆపగానే మళ్లీ మొదలు. 32 కిలోలు ఉండేది, 25కి వచ్చింది. తిండి మాత్రం తింటోంది. రక్త పరీక్షలో బి12 168, అల్బుమిన్ అనే రక్త ప్రొటీన్ 2.4 అని వచ్చాయి. బి12 తగ్గింది కాబట్టి పేగు క్యాన్సరేనని ఒకరు, స్టెరాయిడ్ వేస్తే కుదురుతుందని ఇంకొకరు అంటున్నారు. బయాప్సీ చేయించమంటారా? – ఒక రైతు, నూజివీడు

జవాబు: బయాప్సీ ఇప్పుడే వద్దు. స్టెరాయిడ్ అసలే వద్దు. ముందు రెండు వారాలు తిండి మార్చి చూడాలి. ఎందుకో చెబుతాను.

బి12 తిండిలోంచి రక్తంలోకి వెళ్లేది దాదాపు అంతా చిన్నపేగు చివరి భాగంలోనే. అక్కడ రక్తంలోకి వెళ్లడానికి దానికి ఒక తోడు ప్రొటీన్ కావాలి, కుక్కల్లో అది ఎక్కువగా క్లోమం నుంచే వస్తుంది. అంటే పేగు చివర దెబ్బతిన్నా, క్లోమం పనిచేయకపోయినా బి12 పడిపోతుంది. మామూలుగా లీటరుకు 250 నానోగ్రాముల పైన ఉండాలి. మీ కుక్కకు 168 ఉందంటే దెబ్బ గట్టిగానే తగిలింది, నెలల తరబడి సాగింది. ఆ దెబ్బ కొట్టింది తిండా, పేగు వాపా, లింఫోమా అనే క్యాన్సరా అన్నది ఆ అంకె చెప్పదు. మూడింట్లోనూ తగ్గుతుంది. బి12 తక్కువున్న కుక్కలు కోలుకోవడం కష్టమన్నది నిజమే కానీ, అది జబ్బు తీవ్రతకు గుర్తు, జబ్బు పేరు కాదు.

ఒక సంగతి అడగాలి. రక్తం తీయడానికి ముందు బి కాంప్లెక్స్ సూది ఏమైనా వేయించారా? మన దగ్గర నీరసంగా ఉన్న ప్రతి పశువుకూ అది వేసేస్తారు. ఆ తర్వాత చూసిన బి12 ఎక్కువగా కనిపిస్తుంది, నమ్మడానికి లేదు. మీకు తక్కువే వచ్చింది కాబట్టి ఈసారికి ఇబ్బంది లేదు.

తిండి మార్చేలోపు మూడు పనులు పూర్తి చేయండి. మూడు రోజుల మలం పరీక్షకు ఇవ్వండి. పరీక్షలో ఏమీ కనపడకపోయినా నట్టల మందు ఫెన్‌బెండజోల్ కిలో బరువుకు 50 మిల్లీగ్రాముల చొప్పున ఐదు రోజులు ఇవ్వడం మంచిది, కొరడా పురుగు, జియార్డియా ఒక్కోసారి పరీక్షకు దొరకవు. రెండోది, క్లోమం కోసం టీఎల్ఐ అనే రక్త పరీక్ష. బాగా తింటూ చిక్కిపోయే కుక్కలో ఇది వదిలేయకూడదు. మూడోది కార్టిసాల్, అడిసన్స్ అనే హార్మోన్ జబ్బు అచ్చం ఇలాగే ఉంటుంది.

ఇక తిండి. దీర్ఘకాలం పారుకునే కుక్కల్లో సగానికి పైగా తిండి మారిస్తేనే కుదుటపడతాయి. అన్నం, పెరుగు, గుడ్డు, కోడి ఇవన్నీ మీది తినే ఉంటుంది. కాబట్టి ఇంతవరకు ఎరగని మాంసం ఒకటి, దుంప ఒకటి చాలు. చేప పెట్టి ఉండకపోతే ముళ్లు తీసిన పంగస్, చిలగడదుంప ఉడకబెట్టి పెట్టండి. 25 కిలోల కుక్కకు రోజుకు 600 గ్రాముల చేప, 800 గ్రాముల దుంప, మూడు పూటలుగా. ఉప్పు, నూనె, పసుపు ఏమీ వద్దు. మూడు రోజుల్లో పాత తిండి తగ్గిస్తూ కొత్తది పెంచండి. దుకాణాల్లో దొరికే హైడ్రోలైజ్డ్ ప్రొటీన్ మేత కొనగలిగితే ఇంకా నిక్కచ్చి, ఖర్చు ఎక్కువ.

ఈ పద్ధతి చెడేది ఎక్కువగా తోటలోనే. కూలీలు విసిరిన అన్నం ముద్ద, పక్క షెడ్డు నుంచి తెచ్చుకున్న చచ్చిన కోడిపిల్ల, రుచి కలిపిన నట్టల బిళ్ల, ఇందులో ఏ ఒక్కటి తిన్నా పరీక్ష పాడైనట్టే. రెండు వారాలు గొలుసుతో ఉంచాల్సిందే. గుణమిస్తే ఆ రెండు వారాల్లోనే కనిపిస్తుంది. అప్పుడు పశువైద్యుడితో మాట్లాడి పోషకాలు సరిపోయే మేతకు మార్చి కొనసాగించాలి. ఇంట్లో వండిన చేప, దుంప నెలల తరబడి చాలవు. కుదుటపడ్డాక ఒకసారి పాత తిండి పెట్టి చూస్తే, మళ్లీ పారుకుంటే, తిండి వల్లేనని తేలిపోతుంది.

టీఎల్ఐకి రక్తం ఇచ్చాక బి12 మొదలుపెట్టేయండి. 1000 మైక్రోగ్రాముల సయనోకోబాలమిన్ చర్మం కింద వారానికొకటి, ఆరు వారాలు, నెల తర్వాత ఇంకొకటి. లేదా అదే మోతాదు బిళ్ల రోజూ మూడు నెలలు. బి కాంప్లెక్స్ సూది దీనికి బదులు కాదు. బి12 లోటు తీరకుండా ఉంటే, మిగతా మందు సరైనదైనా పేగు సరిగ్గా స్పందించదు.

తిండి మార్చినా గుణం లేకపోతే, అప్పుడు ఎండోస్కోపీ బయాప్సీ. చాలామంది అనుకునేట్టు తిండి జబ్బును, పేగు వాపును బయాప్సీ విడదీయదు. ఆరోగ్యంగా ఉన్న పేగు లోపలి గోడ టర్కీ తువ్వాలులా నూగుతో ఉంటుంది. రెండు జబ్బుల్లోనూ ఆ నూగు పొట్టిదైపోయి, లింఫోసైట్లు, ప్లాస్మా కణాలు అనే రోగనిరోధక కణాలు నిండి కనిపిస్తాయి. రిపోర్టులో ‘లింఫోప్లాస్మసైటిక్ ఎంటరైటిస్’ అని రాస్తారు. తిండితో తగ్గితే మొదటిది, తగ్గక స్టెరాయిడ్‌కు తగ్గితే రెండోది. బయాప్సీ అసలు పని లింఫోమాను పట్టడం. అందులో కణాలు కలగలుపుగా ఉండవు, ఒకే రకం లింఫోసైట్లు గుంపుగా పేరుకుని నూగు పైపొరలోకి చొరబడతాయి. అయినా చిన్న కణాల రకం వాపులాగే కనిపించి తికమకపెడుతుంది. అనుమానం ఉంటే లింఫోసైట్లు ఏ రకమో తేల్చే సీడీ3, సీడీ20 రంగు పరీక్షలు, కణాలన్నీ ఒకే తల్లి కణం సంతానమా అని చూసే జన్యు పరీక్ష అడగాలి. ఇది ఊరికే అడిగేది కాదు, చిన్న కణాల రకానికి ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్, క్లోరాంబుసిల్ అనే క్యాన్సర్ మందుతో ఏడాది పైన కూడా గడిచే కుక్కలున్నాయి. పెద్ద కణాల రకంలో సాధారణంగా కొన్ని నెలలే.

ముక్కలు ఎక్కడి నుంచి తీస్తున్నారో ముందే అడగండి. మీ కుక్క బి12 తక్కువ, అంటే అనుమానం చిన్నపేగు చివరి మీదే. పై భాగం నుంచే తీసి ఊరుకుంటే అసలు చోటు వదిలేసినట్టు. రెండు చోట్లా తీయించండి.

స్టెరాయిడ్ వద్దన్నది ఇందుకే. పోయినేడు నా దగ్గరకు ఒక తొమ్మిదేళ్ల డాబర్‌మన్ వచ్చింది. ఎవరో నెల రోజులు ప్రెడ్నిసోలోన్ వేశారు. పదిహేను రోజులు మలం గట్టిపడింది, బరువు కిలో పెరిగింది, ఇంట్లో అందరూ సంతోషించారు. తర్వాత మళ్లీ మొదలైంది. నేను బయాప్సీ తీయిస్తే ‘లింఫోమా కావచ్చు, నిర్ధారించలేం’ అని వచ్చింది. స్టెరాయిడ్ లింఫోమా కణాలను కూడా కొన్నాళ్లు చంపుతుంది, అందుకే చూడాల్సినవి చెదిరిపోయాయి. మందు ఆపి మూడు వారాలు ఆగాల్సి వచ్చింది. రెండోసారి పేగు చివరి ముక్కల్లో పెద్ద కణాల లింఫోమా తేలింది, అప్పటికి అల్బుమిన్ 1.7.

మీ కుక్కకు ఆ అంకె 2.4 కాబట్టే రెండు వారాలు ఆగమంటున్నాను. 2 కంటే దిగినా, పొట్టలో నీరు చేరినా, తిండి మానేసినా ఆగకండి, వెంటనే స్కానింగ్, బయాప్సీ చేసే చోటికి తీసుకెళ్లండి. కాయలు తూచే కాటా మీదే ప్రతి ఆదివారం బరువు చూసి రాసుకోండి. రెండు వారాల తర్వాత ఆ కాగితం, టీఎల్ఐ రిపోర్టు పంపితే తర్వాతి సంగతి చెబుతాను.