జెల్లీ రాసినా తొడలు ఒరుసుకుపోతున్నాయి, ఏం చేయాలి?

ప్రశ్న: నా వయసు 38. రోజూ పొద్దున్నే గంటన్నర నడుస్తాను, ఆదివారాలు కాస్త పరిగెత్తుతాను కూడా. ఎండాకాలం వచ్చిందంటే తొడల లోపలి వైపు ఒరుసుకుపోయి ఒకటే మంట. పెట్రోలియం జెల్లీ రాస్తే మొదట్లో బాగానే ఉంటుంది, ఇంటికి వచ్చేసరికి షరా మామూలే. మడమ మీద పొక్కులు కూడా వస్తున్నాయి. స్టిక్‌లా దొరికే బామ్‌లు కొనుక్కోమంటారా?

జవాబు: జెల్లీ మంచిదే, కానీ అది చివరిదాకా నిలవదు. నడిచేకొద్దీ కొంత బట్టకు అంటుకుంటుంది, కొంత చెమటతో కలిసి పక్కకు జారిపోతుంది. ఈలోగా చర్మం తడికి నానుతుంది. నానిన చర్మం పొడి చర్మం కన్నా ఎక్కువగా పట్టేసి ఒరుసుకుంటుంది. చెమట ఆరిన చోట ఉప్పు రేణువులు మిగిలి గరుకుగా తయారవుతాయి. మంట నడక చివర్లో మొదలవడానికి కారణం ఇదే.

స్టిక్‌లలో సాధారణంగా మైనం, నూనెలు ఉంటాయి. గట్టిగా ఉంటాయి కాబట్టి జెల్లీ కన్నా కాస్త ఎక్కువసేపు నిలుస్తాయి, బట్టలకు జిడ్డు తక్కువ. డైమెథికోన్ అనే సిలికాన్ ఉన్న జెల్‌లు ఇంకా పల్చగా, జిడ్డు లేకుండా ఉంటాయి. 'రోజంతా రక్షణ' అని డబ్బా మీద రాసి ఉన్నా, బాగా చెమట పట్టే ఒంటి మీద ఏదైనా మధ్యలో మళ్లీ రాయాల్సిందే. మీ గంటన్నర నడకకు సరిగ్గా రాసుకుంటే జెల్లీ చాలు. రెండు గంటలు దాటే పరుగైతే జేబులో పెట్టుకోవడానికి స్టిక్ వీలుగా ఉంటుంది.

సరిగ్గా అంటే ఇలా. స్నానం చేశాక తొడలు అద్ది, పూర్తిగా ఆరనివ్వండి. ఒక్కో తొడకు బఠాణీ గింజంత జెల్లీ తీసుకుని, ఎర్రబడే చోటే కాకుండా దాని చుట్టూ రెండు మూడు వేళ్ల వెడల్పు దాకా పల్చగా రాయండి. దాని మీద పౌడర్ చల్లకండి, రెండూ కలిసి ముద్దలా తయారై మరింత గీరుకుంటాయి. సగం దూరం నడిచాక తడి రుమాలుతో తుడిచి, పొడిగా అద్ది, మళ్లీ రాయండి. చాలామంది తుడవకుండానే పైన ఇంకో పొర పూస్తారు. అప్పుడు ఉప్పు కూడా జెల్లీతో కలిసి చర్మానికి రుద్దుకుంటుంది. లోపల తొడలు ఒకదానికొకటి తగలకుండా మోకాలి పైదాకా వచ్చే, ఒంటికి అతుక్కుని ఉండే సింథటిక్ షార్ట్స్ వేసుకుంటే సగం సమస్య అక్కడే తగ్గుతుంది. కాటన్ చెమట పీల్చుకుని తడిగానే ఉండిపోతుంది.

ఇంకో మాట. అసలు ఇది ఒరుపేనా అని చూసుకోండి. ఒరుపు అయితే మంట ఎక్కువ, దురద తక్కువ. రెండు మూడు రోజులు నడక మానేస్తే బాగా తగ్గుముఖం పడుతుంది. దురద ఎక్కువగా ఉండి, మచ్చ అంచు కాస్త ఉబ్బి పొట్టు రాలుతూ, మధ్యలో తేటపడుతూ వలయంలా పాకుతుంటే అది తామర కావచ్చు. ఆ చోట జెల్లీ పూస్తే తడి లోపలే ఉండిపోయి ఫంగస్‌కు అనుకూలమవుతుంది. దుకాణంలో అడిగి తెచ్చుకున్న స్టెరాయిడ్ కలిసిన క్రీమ్‌తో దురద నాలుగు రోజులు తగ్గినట్టుంటుంది, తర్వాత మచ్చ ఇంకా విస్తరిస్తుంది. అలాంటి క్రీమ్ ఇప్పటికే వాడుతుంటే, దాని పేరు డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి.

మడమ సంగతి వేరు. అక్కడ పొక్కు పైచర్మం గీరుకోవడం వల్ల రాదు. షూ ఒకవైపు, లోపలి ఎముక ఇంకోవైపు లాగడంతో చర్మం పొరల మధ్య చీలిక వచ్చి, అందులో నీరు చేరుతుంది. స్టిక్ రాస్తే కొంతసేపు జారుడు వస్తుందేమో గానీ, మడమ దగ్గర వదులుగా ఉన్న షూని అది సరిచేయలేదు. ముందు లేసులు బిగించి, మడమ పైకీ కిందికీ కదలకుండా చూడండి. నడుస్తుండగా ఒకే చోట వేడిగా అనిపిస్తే అది పొక్కు రాబోతోందన్న సంకేతం. వెంటనే ఆగి, తుడిచి, ఆ చోట మందుల షాపులో దొరికే పేపర్ టేప్ ముడతలు లేకుండా అంటించండి. జెల్లీ రాసిన చర్మానికి టేప్ అంటదు, కాబట్టి మడమకు ఈ రెండింటిలో ఒకటే ఎంచుకోండి.

పొక్కు వచ్చేసిందా, చిన్నదైతే చిదమకుండా ప్యాడ్ వేసి వదిలేయండి. పైతోలు పీకేయకూడదు, కింది పచ్చి చర్మానికి అదే కట్టు. తొడల దగ్గర తోలు లేచిపోయి ఉంటే గోరువెచ్చటి నీటితో కడిగి, అద్ది, జెల్లీ పల్చగా రాసి, మానేదాకా నడక ఆపండి. స్టిక్‌ని మాత్రం పచ్చి పుండు మీద నేరుగా రుద్దకండి, ఇంకొకరితో పంచుకోకండి. ఎరుపు పాకుతున్నా, చీము పట్టినా, జ్వరం వచ్చినా డాక్టర్‌ను కలవాలి. మీకు షుగర్ ఉంటే పాదం మీద ఎంత చిన్న పొక్కయినా ఆలస్యం చేయకుండా డాక్టర్‌కు చూపించుకోండి, ఇంట్లో సూదితో గుచ్చవద్దు.