కౌంట్ 1,86,000 ఉన్నా మాత్రలిచ్చి ఇంటికి ఎందుకు పంపారు?

ప్రశ్న: మా నాన్నకు 54 ఏళ్లు. ఎడమ పక్క కడుపు బరువుగా ఉందంటే గ్యాస్ అనుకున్నాం. రక్తపరీక్షలో తెల్లకణాలు 1,86,000 వచ్చాయి. స్మియర్‌లో బ్లాస్ట్స్ 2 శాతం అని రాశారు. సీఎంఎల్, అంటే క్రానిక్ మైలాయిడ్ లుకేమియా అనే బ్లడ్ క్యాన్సర్ కావచ్చని చెప్పి, ఇంకో పరీక్షకు రక్తం తీసుకుని, మాత్రలు రాసి ఇంటికి పంపేశారు. మా వీధిలో ఒకబ్బాయికి కౌంట్ 3,200 మాత్రమే ఉంటే అక్యూట్ లుకేమియా అని అదే రోజు అడ్మిట్ చేశారు. క్రానిక్ అంటే బాగా ముదిరిపోయిందనా? మైలాయిడ్, లింఫాయిడ్ అని ఎలా చెబుతారు? రిపోర్టు జతచేశాను. ఇంట్లో అందరం టెన్షన్‌లో ఉన్నాం.
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: క్రానిక్ అంటే ముదిరిందని కాదండీ, నిదానంగా నడిచే జబ్బు అని. అక్యూట్ అంటే రోజుల్లో, వారాల్లో మనిషిని పడేసేది. ఈ రెండూ ఒకే జబ్బుకు మొదటి మెట్టు, చివరి మెట్టు కావు. అక్యూట్ లుకేమియా కొన్నాళ్లు ఉంటే క్రానిక్‌గా మారదు. క్రానిక్ మాత్రం మందు లేకుండా వదిలేస్తే ఏదో ఒకరోజు అక్యూట్ రూపం తీసుకోవచ్చు. మీ నాన్నగారికి మందు మానకూడదని చివర్లో గట్టిగా చెప్పబోయేది అందుకే.

ఇక కౌంట్ సంగతి. తెల్లకణాల మొత్తం అంకె ఎన్ని కణాలున్నాయో చెబుతుంది. అవి ఏ కణాలో, ఏ వయసువో చెప్పదు. అది చెప్పేది స్మియర్. చుక్క రక్తాన్ని గాజు పలక మీద పల్చగా లాగి, రంగు వేసి, మైక్రోస్కోప్ కింద ఒక్కొక్క కణాన్నీ చూసి లెక్కపెట్టడమే ఆ పరీక్ష. అక్యూటా క్రానికా అన్నది కణాల వయసును బట్టి తెలుస్తుంది. మైలాయిడా లింఫాయిడా అన్నది వాటి వంశాన్ని బట్టి తెలుస్తుంది.

ఎముక మూలుగలో ప్రతి తెల్లకణం బ్లాస్ట్‌గా మొదలవుతుంది. బ్లాస్ట్ అంటే ఇంకా ఏ పనీ నేర్వని పసికణం. మైలాయిడ్ వంశంలో అది ప్రోమైలోసైట్, మైలోసైట్, మెటామైలోసైట్, బ్యాండ్ అని ఒక్కో మెట్టూ ఎదిగి చివరకు న్యూట్రోఫిల్ అవుతుంది. ఆ పూర్తిగా ఎదిగిన కణమే రక్తంలోకి వచ్చి క్రిములతో పోరాడుతుంది. ఇసినోఫిల్స్, బేసోఫిల్స్, మోనోసైట్లు, ప్లేట్‌లెట్లు కూడా ఈ వంశానివే. లింఫోసైట్లది మాత్రం వేరే వంశం. మామూలుగా బ్లాస్ట్‌లు మూలుగ గడప దాటవు. ఆరోగ్యంగా ఉన్నవారి రక్తంలో అవి కనిపించవు.

ఇప్పుడు మీ నాన్నగారి రిపోర్టు చూద్దాం. వందలో న్యూట్రోఫిల్స్ 42, బ్యాండ్‌లు 14, మెటామైలోసైట్లు 10, మైలోసైట్లు 18, ప్రోమైలోసైట్లు 3, బ్లాస్ట్‌లు 2, బేసోఫిల్స్ 5, ఇసినోఫిల్స్ 2, లింఫోసైట్లు 3, మోనోసైట్ 1. హిమోగ్లోబిన్ 9.8. ప్లేట్‌లెట్లు 5,40,000.

ఈ స్లైడు పెళ్లివారింటి గ్రూప్ ఫోటోలా ఉంటుంది. చంటిపిల్లల నుంచి తాతల దాకా అన్ని వయసుల కణాలూ ఉన్నాయి. చంటివి రెండే, ఎదిగినవి బోలెడు. అంటే మూలుగలో కణాలు విపరీతంగా పుడుతున్నాయి కానీ ఎదగడం ఆగిపోలేదు. క్రానిక్ అని చెప్పించేది ఇదే. బ్లాస్ట్‌లు వందకు 20 లేదా అంతకు మించి ఉంటే అక్యూట్ వైపు అనుకుంటాం. ఇక్కడ ఉన్నవి 2.

వంశం చూస్తే, ఉన్నవన్నీ దాదాపుగా మైలాయిడ్ కణాలే. రెండు గుర్తులు నా దృష్టిలో చాలా విలువైనవి. మెటామైలోసైట్ల కన్నా వాటికంటే చిన్న వయసున్న మైలోసైట్లు ఎక్కువగా ఉన్నాయి. రెండోది బేసోఫిల్స్. మామూలుగా వందలో ఒకటి కనిపిస్తే గొప్ప, మీ నాన్నగారికి ఐదున్నాయి. నల్లని ఆవగింజలు దట్టంగా చల్లినట్టుండే ఆ కణం స్లైడు మీద పదే పదే తగులుతుంటే సీఎంఎల్ అనే అనుమానం బలపడుతుంది.

లింఫోసైట్లు 3 శాతమే ఉన్నాయని ల్యాబ్ వాళ్లు పక్కన 'తక్కువ' అని గుర్తు పెట్టారు. దాని గురించి కంగారుపడకండి. శాతాన్ని మొత్తం కౌంట్‌తో కలిపి చూడాలి. 1,86,000లో 3 శాతం అంటే 5,580. మామూలు మనిషికి ఉండేది సుమారు 1,000 నుంచి 4,000. అంటే లింఫోసైట్లు నిజానికి తగ్గలేదు, మిగతా కణాల గుంపులో చిన్నబోయి కనిపిస్తున్నాయి, అంతే.

ఇదే 1,86,000 కౌంట్ ఇంకో పెద్దాయనకు ఉండి, స్లైడులో వందకు 95 చిన్నవి, గుండ్రనివి, ఎదిగిన లింఫోసైట్లే ఉంటే అది సీఎల్ఎల్, అంటే క్రానిక్ లింఫోసైటిక్ లుకేమియా. ఆ కణాలు ఎంత బలహీనమంటే, పలక మీద రక్తాన్ని లాగేటప్పుడే కొన్ని నలిగి మచ్చల్లా మిగులుతాయి. రిపోర్టులో 'స్మడ్జ్ సెల్స్' అని రాసేది వాటినే.

ఇక మీ వీధిలో అబ్బాయి. ఆ రిపోర్టు నేను చూడలేదు కాబట్టి అక్యూట్ లుకేమియాలో సాధారణంగా ఏం కనిపిస్తుందో చెబుతాను. మూలుగంతా బ్లాస్ట్‌లతో నిండిపోతుంది. అవి ఎదగవు, పైగా మంచి కణాలకు చోటు మిగల్చవు. బ్లాస్ట్‌లు ఎక్కువగా మూలుగలోనే ఉండిపోతే రక్తంలో కౌంట్ తక్కువే వస్తుంది. 3,200 చూసి 'కొంచెం తక్కువ' అనుకుంటాం. కానీ అందులో వందకు 60 బ్లాస్ట్‌లే అయితే క్రిములతో పోరాడే న్యూట్రోఫిల్స్ ఏ మూడు, నాలుగు వందలో మిగులుతాయి. ప్లేట్‌లెట్లు 20,000కి పడిపోతాయి. అప్పుడు మామూలు జ్వరమూ ప్రాణం మీదకు తెస్తుంది, చిగుళ్ల నుంచి రక్తం ఆగదు. స్లైడులో చంటికణాలు కుప్పలుగా, ఎదిగినవి అక్కడక్కడా ఉంటాయి, మధ్య వయసువి దాదాపు కనిపించవు. మీ నాన్నగారి స్లైడులో ఉన్నవీ, ఇందులో లేనివీ ఆ మధ్య వయసు కణాలే. అదే రోజు అడ్మిట్ చేసే తొందర అందుకు.

అంత కౌంట్‌తో మీ నాన్నగారు నడిచి ఆస్పత్రికి ఎలా రాగలిగారన్నదానికీ జవాబు ఇక్కడే ఉంది. బ్లాస్ట్‌లు పెద్దవి, బిరుసువి. అవే లక్ష దాటితే సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుని మెదడుకూ ఊపిరితిత్తులకూ రక్తం అందనివ్వవు. ఎదిగిన న్యూట్రోఫిల్ మెత్తగా సాగి జారిపోతుంది. అందుకే సీఎంఎల్‌లో అంత కౌంట్‌నూ చాలామంది తట్టుకుంటారు. అయినా చూపు మసకబారినా, తలనొప్పి, మగత, ఆయాసం వచ్చినా తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఆ కడుపు బరువు గ్యాస్ కాదు, ప్లీహం పెరగడం వల్ల వచ్చింది. రెండు ముద్దలకే కడుపు నిండినట్టు ఉంటే అదీ దానివల్లే.

స్మియర్‌కూ హద్దులున్నాయి. అక్యూట్ కేసుల్లో బ్లాస్ట్ మైలాయిడ్‌దా లింఫాయిడ్‌దా అని కంటితో చెప్పడం చాలాసార్లు కుదరదు. పసిపిల్లలందరూ ఒకేలా ఉన్నట్టే ఉంటాయి. బ్లాస్ట్ లోపల ఎర్రని సన్నటి పుల్లలాంటిది, 'ఆవర్ రాడ్', కనిపిస్తే మైలాయిడ్ అని ధైర్యంగా అనొచ్చు. అది లేకపోతే మైలాయిడ్ కాదని మాత్రం అనలేం. అప్పుడు ఫ్లో సైటోమెట్రీ చేసి, కణం ఒంటి మీది ప్రొటీన్ గుర్తులను బట్టి వంశం తేలుస్తాం.

మెషీన్ ఇచ్చిన అంకెలను మాత్రమే నమ్మడం ఇంకో ప్రమాదం. కొన్నేళ్ల కిందట ఒక ఏడేళ్ల బాబును తీసుకొచ్చారు. బయట ల్యాబ్ రిపోర్టులో లింఫోసైట్లు 88 శాతం అని మెషీన్ అచ్చువేసి ఇచ్చింది. వైరల్ జ్వరమని వారం రోజులు మందులు వాడారు. హిమోగ్లోబిన్ 6, ప్లేట్‌లెట్లు 18,000 ఉండటం చూసి స్లైడు వేయించాను. మెషీన్ లింఫోసైట్లు అన్నవాటిలో చాలావరకు బ్లాస్ట్‌లు. అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా. మెషీన్ బ్లాస్ట్‌లను లింఫోసైట్లుగానో మోనోసైట్లుగానో లెక్కవేయడం అరుదేమీ కాదు. ఆ వారం రోజుల సంగతి గుర్తొస్తే నాకు ఇప్పటికీ బాధే. తెల్లకణాల్లో తేడాతో పాటు హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్లు కూడా పడిపోయాయంటే 'పెథాలజిస్ట్ స్లైడు చూశారా?' అని ఎవరైనా అడగొచ్చు.

మీ నాన్నగారి విషయంలో పెథాలజిస్ట్ చేత్తో లెక్కపెట్టే రాశారు. తీవ్రమైన ఇన్ఫెక్షన్‌లోనూ కౌంట్ 50,000 దాటి, చిన్న వయసు కణాలు రక్తంలోకి రావచ్చు. కానీ అప్పుడు బేసోఫిల్స్ ఇలా పెరగవు, జ్వరమో చీము పట్టిన చోటో సాధారణంగా ఉంటుంది. ఈయనకు అవేవీ లేవు. అయినా స్మియర్‌తో వచ్చేది బలమైన అనుమానమే. తేల్చేది రెండోసారి రక్తం తీసుకుని పంపిన బీసీఆర్-ఏబీఎల్ పరీక్ష. 9వ, 22వ క్రోమోజోముల ముక్కలు తారుమారై అతుక్కోవడం వల్ల పుట్టే జన్యువు అది. 1960లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో అలా పొట్టిగా మారిన 22వ క్రోమోజోమును మొదట గుర్తించారు, అందుకే దానికి ఫిలడెల్ఫియా క్రోమోజోమ్ అని పేరు. కణాలను ఆపకుండా పుట్టించే స్విచ్ అదే. ఆ స్విచ్‌ను నొక్కిపట్టే ఇమాటినిబ్ మాత్ర 2001లో వచ్చింది. మీకు ఇప్పుడు రాసిన మాత్రల్లో హైడ్రాక్సీయూరియా ఉంది. అది రిపోర్టు వచ్చేలోగా కౌంట్ దించడానికే, అసలు మందు కాదు. మూలుగ పరీక్ష కూడా అడుగుతారు, వద్దనకండి. బ్లాస్ట్‌లు మూలుగలో ఎన్ని ఉన్నాయో, క్రోమోజోముల్లో ఇంకేమైనా మార్పులున్నాయో దాంతోనే తెలుస్తుంది.

బీసీఆర్-ఏబీఎల్ పాజిటివ్ వస్తే ఇమాటినిబ్ సాధారణంగా రోజుకు 400 మిల్లీగ్రాములు, భోజనంతో పాటు పెద్ద గ్లాసు నీళ్లతో వేసుకోవాలి. కళ్ల కింద వాపు, పిక్కలు పట్టేయడం కొందరికి ఉంటాయి. అలా ఉంటే డాక్టర్‌కు చెప్పండి, మీ అంతట మీరు మోతాదు తగ్గించకండి. వారాల్లోనే కౌంట్ 8,000కి దిగొచ్చు. నా అనుభవంలో ఎక్కువమంది తప్పు చేసేది అక్కడే. 'నార్మల్ అయింది కదా' అని మాత్ర ఆపేస్తారు. రక్తం కౌంట్ నార్మల్ అయినా ఆ జన్యువున్న కణాలు మూలుగలో ఇంకా ఉంటాయి. మందు పనిచేస్తోందో లేదో బీసీఆర్-ఏబీఎల్ శాతంతో చూడాలి. మూడు నెలలకు అది 10 శాతానికి లోపు, ఏడాదికి 0.1 శాతానికి రావాలి. రాకపోతే మందు మార్చాల్సి ఉంటుందేమో డాక్టర్ చూస్తారు. మధ్యలో బేసోఫిల్స్ 20 శాతం దాకా పెరిగినా, బ్లాస్ట్‌లు రెండంకెల్లోకి వెళ్లినా జబ్బు వేగం పుంజుకుంటోందని అర్థం. కాబట్టి ప్రతిసారీ కౌంట్‌తో పాటు స్మియర్ కూడా చేయించండి. ఇప్పుడు పంపిన ఈ మొదటి రిపోర్టును ఫైలులో అన్నిటికన్నా పైన పెట్టండి.