పదమూడో రోజు మైకు పట్టుకుంటే పేర్లు చదవొద్దు

"మా అమ్మ పోయి తొమ్మిది రోజులైంది. పదమూడో రోజు వచ్చినవాళ్లకు కృతజ్ఞతగా నాలుగు మాటలు చెప్పమంటున్నాడు మా మామ. నేనెప్పుడూ మైకు పట్టుకోలేదు. ఏం మాట్లాడాలి, ఎంతసేపు?"

పేర్లు చదవొద్దు. గొంతు పూడుకుపోయినా, మాట తడబడినా, మధ్యలో ఆపేసి కూర్చున్నా ఎవరూ ఏమనుకోరు, తల్లి పోయినవాడు కదా అని వదిలేస్తారు. పేర్ల దగ్గర తప్పు జరిగితే మాత్రం ఊరు ఏళ్లతరబడి గుర్తుపెట్టుకుంటుంది. నేను చేశాను కాబట్టి చెప్తున్నా.

మాది కావలి దగ్గర పల్లె, నా ఉద్యోగం చెన్నైలో. అమ్మ బాత్రూంలో జారిపడి తుంటి విరిగాక ఏడు నెలలు మంచాన ఉంది. నేను శనివారం రాత్రి వచ్చి ఆదివారం రాత్రి పోయేవాణ్ణి. మిగతా రోజుల్లో చూసుకుంది పక్కింటి పెద్దమ్మ. మాకు చుట్టం కూడా కాదు. మంచాన పడ్డ మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పమని డాక్టరు చెప్తే, నేను ఫోన్‌లో అలారం పెట్టిస్తానన్నా. ఆమె వాళ్లింటి గోడగడియారం తెచ్చి అమ్మ మంచానికి ఎదురుగా కొట్టింది. ఎడమకు, వెల్లకిలా, కుడికి. తిప్పిన ప్రతిసారీ తుంటి దగ్గర, మడమల దగ్గర ఎర్రబడిందేమో చూసేది, తడి లేకుండా తుడిచేది. ఏడు నెలల్లో మా అమ్మ ఒంటి మీద ఒక్క పుండు పడలేదు.

పన్నెండో రోజు రాత్రి కూర్చుని రెండు పేజీలు రాసుకున్నా. అందులో పద్నాలుగు పేర్లు. చిన్నాయన, ఇద్దరు మేనమామలు, మా అక్క మామగారు, సర్పంచి, చెన్నై నుంచి కారేసుకుని వచ్చిన మా మేనేజరు. దూరం నుంచి వచ్చినవాళ్లను ముందు రాస్తూ పోయా, దగ్గరవాళ్ల దాకా రాలేదు. పెద్దమ్మ పేరు లేదు. ఇంట్లో మనిషికి ఎవరైనా థ్యాంక్స్ చెప్తారా అని తర్వాత సమర్థించుకున్నా గానీ, నిజానికి గుర్తే రాలేదు.

మరుసటి రోజు చదవడం మొదలుపెట్టి పదకొండు నిమిషాలు సాగదీశా. షామియానాలో వెనక వరసలో కూర్చున్న పెద్దమ్మ, మేనేజరు పేరు అయిపోయి చప్పట్లు పడ్డాక (అవును, కర్మలో చప్పట్లు కొట్టారు) చెంగు దులుపుకుని లేచి వెళ్లిపోయిందట. నేను చూడలేదు, మా పిన్ని చెప్పింది. మొదటి బంతిలో ఆమె కోసం వేసిన విస్తరి అట్లాగే ఉండిపోయింది, నీళ్లు కూడా చల్లకుండా.

సాయంత్రం పోయా వాళ్లింటికి. అప్పటికి గుడి నిద్ర చేయలేదు కాబట్టి గడప తొక్కకూడదు, గేటు బయటే నిలబడ్డా. ఆమె వాకిలి చిమ్ముతోంది. చీపురు ఆపకుండానే అంది, "నా పేరెందుకులే అబ్బయా. మీ అమ్మ పేరన్నా ఒక్కసారి చెప్పావా నువ్వు?"

చెప్పలేదు. రెండు పేజీల్లోనూ 'మా మాతృమూర్తి', 'మా మాతృమూర్తి'. ఊరంతా పేరు పెట్టి పిలిచిన మనిషిని మైకులో ఎవరో తెలియని మనిషిని చేసేశా. అన్నం తిన్నావా పెద్దమ్మా అంటే తిన్నాలే అంది. వంటింట్లో లైటు కూడా లేదు.

సరే, మీ సంగతికి వద్దాం. ఎప్పుడు మాట్లాడాలో ముందు తేల్చుకోండి. స్నానం అయ్యాక పుట్టింటివాళ్లో అత్తింటివాళ్లో బట్టలు పెడతారు, అయ్యవారి ఆశీర్వచనం ఉంటుంది, తర్వాత జనం ఫొటో దగ్గర పూలు వేస్తారు. ఆ పూలకూ మొదటి బంతికీ మధ్యలో ఒక పావుగంట దొరుకుతుంది, అదే మీది. భోజనాల తర్వాత అనుకుంటే ఎవరూ మిగలరు. చావింటి నుంచి వెళ్లేటప్పుడు 'పోయొస్తాం' అనరు కదా, చెయ్యి కడుక్కుని చెప్పాపెట్టకుండా కదిలిపోతారు, మన దగ్గర అదే మర్యాద. విస్తర్లు వేశాక మాట్లాడితే ఇంకా ఘోరం. గారెలు చల్లారిపోతుంటే మీ మాట ఎవరి చెవికీ ఎక్కదు. వంటమేస్త్రీకి ముందే చెప్పి పెట్టుకోండి, "నేను మైకు కింద పెట్టాకే ఆకులు వెయ్యి" అని.

ఎంతసేపు అంటే మూడు నిమిషాలు. నెమ్మదిగా, ఆగి ఆగి చదివితే చేత్తో రాసిన ఒక పేజీ అంత పడుతుంది. రాసుకున్నాక గడియారం పెట్టుకుని ఒకసారి బయటికి చదివి చూసుకోండి, మనసులో చదివితే లెక్క తప్పుతుంది.

ఇక పేర్ల బదులు ఏం చెప్పాలి. పనుల పేర్లు చెప్పండి. పాడె మోసినవాళ్లు, కట్టెలు సర్దినవాళ్లు, ఇంట్లో పొయ్యి వెలగని పూట అన్నం పంపినవాళ్లు, రాత్రిళ్లు తోడు పడుకున్నవాళ్లు. పని చెప్తే చేసినవాడికి తన సంగతే అని తెలుస్తుంది, పక్కవాడు నొచ్చుకోడు. మంగలినీ చాకలినీ మర్చిపోవద్దు. డబ్బులిచ్చాం కదా అంటారు కొందరు, ఇచ్చినంత మాత్రాన అయిపోయిందా? దీనికీ ఒక లోటుంది. అందరినీ కలిపి చెప్తే పెద్దమ్మలాంటి మనిషికి అది చాలదు. అట్లాంటివాళ్లు ఒకరో ఇద్దరో ఉంటారు, వాళ్లకు మైకులో కాదు, ముందురోజే ఎదురుగా కూర్చుని చెప్పాలి.

ఆ తర్వాత ఏడాదిన్నరకు మా బావ వాళ్లమ్మ పోయింది. ఆయనకు నేనే రాసిచ్చా. అది ఇంచుమించు ఇట్లా ఉంటుంది, కావాలంటే మార్చుకుని వాడుకోండి:

"అందరికీ నమస్కారం. మా అమ్మను మీలో సగం మంది అక్కా అని, సగం మంది అత్తా అని పిలిచారు. (ఇక్కడ అమ్మ పేరు, గట్టిగా) అంటే ఈ వీధిలో తెలియనివాళ్లు లేరు. ఆమె పోయిన రాత్రి నేను బస్సులో ఉన్నాను. నేను వచ్చేసరికి మీరు దీపం పెట్టారు, కబురు చేయాల్సినవాళ్లకు చేశారు, మా నాన్న చేత కాసిని పాలు తాగించారు. నేను చేయాల్సినవి మీరు చేశారు. మోసినవాళ్లకు, కట్టెలు పేర్చినవాళ్లకు, మూడు రోజులు మా ఇంటికి అన్నం పంపిన ఇళ్లకు, ఈ పదమూడు రోజులూ దగ్గరుండి కర్మ చేయించిన అయ్యవారికి నేను రుణపడి ఉన్నాను. అమ్మకు ఎవరింటికి పోయినా ఉత్త చేతులతో పోవడం చేతకాదు, చెంగులో నాలుగు కరివేపాకు రెబ్బలన్నా ఉండేవి. ఆ చెట్టు అట్లాగే ఉంది, మీరు ఎప్పటిలాగే వచ్చి కోసుకోండి. నాన్న ఇక్కడే ఉంటారు, ఆయన్ని పలకరిస్తూ ఉండండి. ఇప్పుడు అందరూ భోజనానికి లేవండి."

చూశారా, 'ఆమె దేవత', 'ఆమె లేని లోటు తీరనిది' అని ఎక్కడా లేదు. కరివేపాకు ఉంది. మా బావ ఆ మాట దగ్గరికి వచ్చేసరికి ముందు వరసలో ఆడవాళ్లు చెంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు, ఆయన మాత్రం ఏడవలేదు. దానికీ ఒక కిటుకుంది. మొదటినుంచి చివరిదాకా వచ్చినవాళ్లతోనే మాట్లాడాలి. "అమ్మా, నువ్వు..." అని ఫొటో వైపు తిరిగారా, అక్కడితో గొంతు పోతుంది. నాకు పోయింది. పోతే పోయింది, కంగారేం లేదు, ఆగి నీళ్లు తాగండి. ఇంకో కాపీ మీ తమ్ముడి చేతికో బావమరిది చేతికో ఇచ్చి ఉంచితే మిగతాది వాళ్లు చదివేస్తారు.

చివర్లో 'మళ్లీ రండి', 'మా ఇంటికి వచ్చినందుకు సంతోషం' అనేవి అలవాటులో జారకుండా చూసుకోండి. మళ్లీ ఇట్లాంటి పనికే రమ్మన్నట్టు ఉంటుందని పెద్దవాళ్లు ఉలిక్కిపడతారు. శుభం అయ్యాక ఆ పట్టింపు లేదనేవాళ్లూ ఉన్నారు గానీ ఎందుకొచ్చిన గొడవ, 'భోజనానికి లేవండి' అంటే చాలు. పైన కరివేపాకుకు రమ్మన్నది వేరు, అది కబురు కాదు, అలవాటు.

ఇంకోటి. అమ్మ ఎవరికైనా బాకీ ఉంటే చెప్పండి అని మైకులో అడగమంటారు కొందరు పెద్దలు. నేను అడిగా. పాలాయన మూడు వందల నలభై అన్నాడు, ఇచ్చేశా. అమ్మకు బాకీ ఉన్నవాళ్లు మాత్రం ఒక్కరూ పలకలేదు. అమ్మ పుస్తకంలో ఆరుగురి లెక్క ఉంది. ముగ్గురు ఎదురుగానే కూర్చుని ఉన్నారు. ఏం చేస్తాం.

మైకు గురించి కూడా చెప్పాలి. మీరు కింద పెట్టగానే లాక్కోవడానికి ఒకాయన సిద్ధంగా ఉంటాడు. మా దగ్గర లీడరొకాయన అమ్మ గురించి రెండు ముక్కలు చెప్పి, ఊరి రోడ్డు గురించి ఇరవై నిమిషాలు చెప్పాడు. రోడ్డు పక్కన ఫ్లెక్సీలో అమ్మ ఫొటో కంటే ఆయన ఫొటోనే పెద్దది, అది వేరే కథ. మీరు అయిపోగొట్టగానే మైకాయన వైరు పీకేసేట్టు ముందే మాట్లాడుకోండి, మొహమాటపడొద్దు.

అన్నట్టు, ఆ రోజు పంచెలో ఉంటారు, పంచెకు జేబుండదు. నేను కాగితం నడుం దగ్గర దోపుకున్నా. స్నానం తడికి రెండో పేజీ ఇంకంతా అలుక్కుపోయి, సగం పేర్లు అంచనాతో చదివా. మీరు కాగితాన్ని మామ చొక్కా జేబులో పెట్టించి, మైకు దగ్గరికి వెళ్లేటప్పుడు తీసుకోండి.