యాప్‌లో పెట్టిన టిప్ రైడర్‌కి ఎప్పుడు చేరిద్ది, ఎప్పటిదాకా మార్చొచ్చు?

ప్రశ్న: నిన్న రాత్రి బిర్యానీ ఆర్డర్ పెట్టేటప్పుడు 30 టిప్ యాడ్ చేశా. తర్వాత వాన మొదలైంది, పాపం అనిపించి 50 చేద్దామంటే ఎడిట్ ఆప్షన్ ఎక్కడా లేదు. డెలివరీ అబ్బాయిని అడిగితే "నాకేం కనపడలేదు సార్" అన్నాడు. ఆ 30 అసలు వాళ్ళకి వెళ్తుందా? ఇప్పుడు పెంచొచ్చా? (గురునానక్ కాలనీ, విజయవాడ)

జవాబు:

ఆ అబ్బాయి అబద్ధం చెప్పలేదండి, మీ 30 కూడా ఎక్కడికీ పోలేదు. నేను షాపు పెట్టుకోక ముందు 14 నెలలు బెంజ్ సర్కిల్, పటమట వైపు బండి తిప్పా, ఇదే ప్రశ్న గుమ్మం ముందు నన్నూ చాలామంది అడిగారు. నేను పనిచేసిన యాప్‌లో రైడర్‌కి ఆర్డర్ వచ్చినప్పుడు ఎన్ని కిలోమీటర్లు, దానికి ఎంత వచ్చిద్ది అనేది మాత్రమే చూపించేది. టిప్ ఉందో లేదో డ్రాప్ కొట్టాక, అంటే ప్యాకెట్ మీ చేతికిచ్చి డెలివర్డ్ అని స్వైప్ చేశాకే కనపడేది. మీరు అడిగిన టైమ్‌కి అతను ఇంకా స్వైప్ చేసి ఉండడు, అంతే. లిఫ్ట్‌లో కిందికి దిగేటప్పుడు చూసుకుని ఉంటాడు.

ఇక మార్చడం సంగతి. మీరు పే బటన్ నొక్కేదాకా అది మీ చేతిలోనే ఉంటది, 30 తీసి 20 చేసుకోండి, మొత్తం తీసేయండి, ఎవరూ అడగరు. కానీ యూపీఐ పిన్ కొట్టాక బిర్యానీ రేటు, డెలివరీ ఫీజు, ప్లాట్‌ఫామ్ ఫీజు, టిప్ అన్నీ కలిపి ఒకే మొత్తంగా మీ అకౌంట్లోంచి కట్ అయిపోద్ది. ఆ కట్ అయినదాన్ని వెనక్కెళ్ళి 20 పెంచడానికి కుదరదు, దానికి మీరు మళ్ళీ పిన్ కొట్టాలి కదా, అందుకే ఎడిట్ అని ఉండదు. పెంచాలంటే ఇంకో టిప్ విడిగా ఇవ్వడమే. అది రెండు చోట్ల దొరుకుద్ది, ఒకటి ఆర్డర్ దారిలో ఉండగా మ్యాప్ పేజీలో రైడర్ పేరు కింద, రెండోది డెలివరీ అయ్యాక స్టార్లు ఇచ్చే పేజీలో. అన్ని యాప్‌లలో రెండూ ఉండవు, కొన్నిట్లో ఒక్కటే ఉంటది, రేటింగ్ పేజీ కూడా కొన్నాళ్ళకి మూసుకుపోద్ది, కాబట్టి మీరు ఇప్పుడే ఆ పాత ఆర్డర్ ఓపెన్ చేసి చూడండి. ఉంటే ఆ 20 అక్కడ ఇచ్చేయండి, నిన్న వచ్చిన అబ్బాయికే వెళ్ళిద్ది.

తగ్గించడం మాత్రం మన దగ్గర యాప్‌లో నేనెక్కడా చూళ్ళేదు. అమెరికాలో ఉబర్ ఈట్స్‌లో డెలివరీ అయ్యాక గంటలోపు టిప్ తగ్గించుకోవచ్చు, అక్కడ కొంతమంది పెద్ద టిప్ చూపించి ఆర్డర్ త్వరగా తెప్పించుకుని తర్వాత తీసేస్తుంటారని రైడర్లు గోల పెడుతుంటారు. ఇక్కడ పొరపాటున 30 బదులు 300 కొట్టామనుకోండి, వెంటనే హెల్ప్ చాట్‌లోకి వెళ్ళి అడగడమే దారి, డ్రాప్ కాకముందే అడిగితే ఏదన్నా జరిగే ఛాన్స్ ఉంటది.

టిప్ మనిషికి కాదు, ఆర్డర్‌కి అంటుకుని ఉంటది. ఇది చాలామందికి తెలీదు. ఒకసారి బెంజ్ సర్కిల్ దగ్గర హోటల్ నుంచి సింగ్ నగర్‌కి ఒక ఆర్డర్, వేరే అబ్బాయికి పడింది, హోటల్‌కి వచ్చే దారిలోనే ఏలూరు రోడ్డు మీద అతని బండి పంచర్. ఆర్డర్ అతని దగ్గర తీసేసి నాకేశారు. నేను వెళ్ళి ఇచ్చి స్వైప్ కొడితే 30 టిప్ నా లెక్కలో పడింది, కస్టమర్ పెట్టినప్పుడు మాత్రం స్క్రీన్ మీద ఆ మొదటి అబ్బాయి పేరే ఉంది. దాదాపు రెండు గంటల తర్వాత ఆవిడ రేటింగ్ పేజీ నుంచి ఇంకో 20 ఇచ్చారు, అది అదే ట్రిప్ కింద వేరే వరుసలో వచ్చింది. మీరు పెంచింది కూడా అలాగే కనపడిద్ది, 50 అని ఒకటే రాదు. ఆర్డరే క్యాన్సిల్ అయిపోతే టిప్ కూడా రీఫండ్‌లో కలిసి మీకే రావాలి, రీఫండ్ ఎంత పడిందో బిల్లుతో ఒకసారి సరిచూసుకోండి.

లెక్కలో కనపడటం వేరు, చేతికి రావడం వేరు. కొన్ని యాప్‌లు టిప్ వెంటనే బ్యాంకుకి పంపిస్తాయి, మాకు మాత్రం సోమవారం నుంచి ఆదివారం దాకా లెక్క కట్టి వారానికోసారి పడేది. ఇక్కడే రైడర్లు కూడా "మన టిప్ కొట్టేశారు" అనుకుంటారు, నేనూ మొదట్లో మా టీమ్ లీడర్‌తో గొడవేసుకున్నా. ఆ వారం నాకు ఆర్డర్ల మీద 4,850, ఇన్సెంటివ్ 900, టిప్పులు 140, మొత్తం 5,890 రావాలి. అకౌంట్లో 4,630 పడింది. 1,260 తక్కువ, కడుపు మండిపోయింది. తీరా పేఅవుట్ పేజీలో కింద దాకా వెళ్ళి చూస్తే, క్యాష్ ఆన్ డెలివరీ ఆర్డర్లకి కస్టమర్లు నా చేతికిచ్చిన 1,260 నేను కంపెనీకి కట్టలేదు, అది నా జేబులోనే ఉంది, పెట్రోల్‌కి వాడేసుకున్నా కూడా. దాన్ని పేఅవుట్‌లో తగ్గించి మిగతాది వేశారు. టిప్ 140 నిండుగానే ఉంది, కాకపోతే మొత్తంలో మునిగిపోయింది. కాబట్టి ఎవరన్నా రైడర్ టిప్ రాలేదంటే, బ్యాంకు మెసేజ్ చూసి కాదు, ఆ ట్రిప్ ఓపెన్ చేసి టిప్ వరుస ఉందా లేదా చూడమనండి.

మీ వైపు నుంచి చూసుకోవాల్సింది బిల్లు. ఆర్డర్ వివరాల్లో టిప్ అని విడిగా ఒక వరుస ఉండాలి. డెలివరీ ఫీజు, వాన పడితే వేసే ఎక్స్‌ట్రా ఛార్జి, ఇవి టిప్ కాదు. మా బాబాయ్ "వానకి 25 తీసుకున్నాడుగా, మళ్ళీ టిప్పెందుకు" అంటాడు, ఆ 25 కంపెనీ బిల్లులోది బాబాయ్, నేను బండి నడిపిన రోజుల్లో వాన ఇన్సెంటివ్ వేరే లెక్క, అది ఒక్కోసారి ఉండేది ఒక్కోసారి ఉండేది కాదు అని చెప్పినా వినడు.

ఇంకోటి, కొన్ని యాప్‌లలో టిప్ పెట్టే చోట కింద చిన్న టిక్ ఉంటది, తర్వాతి ఆర్డర్లకి కూడా ఇదే టిప్ వేయమని. అది మీకు తెలీకుండా పడిపోయి ఉంటే ప్రతి ఆర్డర్‌కీ 30 వెళ్తానే ఉంటది, తీసేయాలంటే మళ్ళీ కార్ట్‌లోకెళ్ళి పే చేయకముందే తీయాలి. మా పిన్నికి అలాగే నాలుగు నెలలు 20 చొప్పున వెళ్ళింది. నేను చూసి తీసేయనా అంటే, "ఉండనీలేరా, నువ్వు తిరిగినప్పుడు కూడా ఎవరో ఒకరు ఇచ్చుంటారుగా" అంది.