కవర్డ్ కాల్ కోసం అత్యవసర నిధిని తాకట్టు పెడతారా?

ప్రశ్న: గాజువాకలో ఉంటాను. జీతం 68 వేలు, ఫ్లాట్ ఈఎంఐతో కలిపి నెల ఖర్చు 52 వేలు. 2020లో 420 చొప్పున కొన్న ఒక ప్రైవేటు బ్యాంకు షేర్లు 1,000 ఉన్నాయి. ఇప్పుడు ధర 1,400, లాట్ 500. ఈ నెల 1,440 కాల్ రెండు లాట్లు అమ్మితే 22 వేలు వస్తుంది. మార్జిన్ 2.9 లక్షలు. షేర్లతో పాటు అత్యవసరానికి దాచిన 2 లక్షల లిక్విడ్ ఫండ్ కూడా ప్లెడ్జ్ చేస్తాను. చాలకపోతే పర్సనల్ లోన్ తీసుకుంటాను. ఏ స్ట్రైక్, ఏ ఎక్స్‌పైరీ మంచిది?

జవాబు: కవర్డ్ కాల్ అంటే మీ దగ్గరున్న షేర్లను ఎక్స్‌పైరీ నాడు ముందే అనుకున్న ధరకు, అంటే స్ట్రైక్‌కు, కొనే హక్కును ప్రీమియం తీసుకుని ఇంకొకరికి అమ్మడం. స్ట్రైక్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ లిక్విడ్ ఫండ్ జోలికి వెళ్లకండి. షేర్లు చేతిలో ఉన్నాయి కాబట్టి కవర్డ్ కాల్‌లో నగదుతో పనిలేదని చాలామంది అనుకుంటున్నారు. అది పొరపాటు. మార్జిన్ అంటే బ్రోకర్ దగ్గర హామీగా ఉంచాల్సిన మొత్తం, అందులో సగం నగదుగానో, లిక్విడ్ ఫండ్ లాంటి దాని రూపంలోనో చూపించాలి. ధర పెరిగేకొద్దీ మార్జిన్ కూడా పెరుగుతుంది. సరిగ్గా అప్పుడే ఇంట్లో ఎవరికైనా ఆసుపత్రి ఖర్చు వస్తే, ప్లెడ్జ్‌లో ఉన్న డబ్బు మీ చేతికి రాదు. ఇక పర్సనల్ లోన్ తెచ్చి ఆప్షన్లకు మార్జిన్ కట్టడం గురించి ఆలోచించనే వద్దు. ప్రీమియం ఏ నెల ఎంత వస్తుందో తెలియదు, ఈఎంఐ మాత్రం నెలనెలా కట్టాలి.

మీ లెక్కనే తీసుకుందాం. 1,440 కాల్ 22కి అమ్మితే మీకు దక్కే గరిష్ఠ ధర 1,462. ఎక్స్‌పైరీ నాటికి షేరు 1,560కి చేరిందనుకోండి, పైనున్న 98 రూపాయలు మీవి కావు. అంటే 1,000 షేర్ల మీద 98 వేలు వదులుకున్నట్టు. షేర్లు పోకూడదనుకుంటే ఆ కాల్స్‌ను కనీసం 120కి తిరిగి కొనాలి. అందుకు 1.2 లక్షల నగదు కావాలి. షేర్ల మీద లాభం ఉంటుంది కానీ అది కాగితం మీదే, ఆ 1.2 లక్షలు మాత్రం జేబులోంచే తీయాలి.

కొనకుండా వదిలేస్తే షేర్లు 1,440కి డెలివరీ ఇవ్వాలి. ప్లెడ్జ్‌లో ఉన్నవాటిని ముందే విడిపించుకోకపోతే వేలం దాకా పోయి అదనపు నష్టం వస్తుంది. డెలివరీ ఇస్తే పన్ను కూడా ఉంటుంది. లాభం 10.2 లక్షలు, మినహాయింపు 1.25 లక్షలు పోను మిగతా దానిపై 12.5 శాతం, అంటే సెస్ కాక దాదాపు 1.12 లక్షలు. 22 వేల కోసం అమ్మిన కాల్ మీకు అక్కర్లేని అమ్మకాన్ని, ఆ పన్నునూ మీ నెత్తిన పెడుతుంది. పోనీ షేరు 1,250కి పడితే? 1.5 లక్షల విలువ పోతుంది, అందులో ప్రీమియం 22 వేలే ఆదుకుంటుంది.

కాబట్టి స్ట్రైక్ ఎంచుకునేటప్పుడు ప్రీమియం ఎంతని చూడకండి. పన్ను కట్టి కూడా ఏ ధరకు సంతోషంగా అమ్మేస్తారో ఆ ధర చూసుకోండి. అది 1,520 అయితే ఆ కాల్‌కు 6 రూపాయలే రావచ్చు. కానీ షేరు 1,560కి వెళ్లినా మీరు వదులుకునేది 34 మాత్రమే. 6 రూపాయలు మరీ తక్కువ అనిపిస్తే ఆ నెల అమ్మకండి, అంతే.

ఎక్స్‌పైరీ విషయంలో దగ్గరి నెలే మంచిది. ఇప్పటి ధరకు దగ్గరి స్ట్రైక్ అయితే రెండు నెలల కాల్‌కు సాధారణంగా రెట్టింపు ప్రీమియం రాదు, షేరుకు ఎగరడానికి మాత్రం రెట్టింపు సమయం దొరుకుతుంది. పైగా స్టాక్ ఆప్షన్లలో దూరపు నెలలకు కొనేవాళ్లు, అమ్మేవాళ్లు తక్కువ కాబట్టి బయటపడటం ఖరీదవుతుంది. బ్యాంకు ఫలితాలు వచ్చే జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు నెలల్లో ప్రీమియం లావుగా కనిపిస్తుంది. షేరు ఒక్క రోజులో ఎటైనా దూకవచ్చని మార్కెట్ భయపడుతోంది కాబట్టే అంత ఇస్తున్నారు. మీరు ఆ నెలలు వదిలేయండి.

మీ ఇంటికి ఆరు నెలల ఖర్చు 3.12 లక్షలు. మీ దగ్గర 2 లక్షలే ఉంది, ముందు ఆ లోటు పూడ్చండి. ఈ ఏడాది వేరే దీర్ఘకాలిక లాభాలు లేకపోతే 125 షేర్లు అమ్మండి. చేతికి 1.75 లక్షలు వస్తాయి, లాభం 1,22,500 కాబట్టి మినహాయింపులోనే ఉంటుంది, పన్ను పడదు. నిధి పూర్తయ్యాక కూడా 63 వేలు మిగులుతుంది. దానికి ఒక నెల పొదుపు కలిపితే ఒక లాట్‌కు కావాల్సిన నగదు మార్జిన్, సుమారు 73 వేలు, అప్పు లేకుండా సమకూరుతుంది. కాల్ అమ్మేది ఆ తర్వాతే, అదీ ఒకే లాట్. మిగిలిన 875 షేర్ల మీద రెండు లాట్లు అమ్మితే 125 షేర్లకు కవర్ ఉండదు, ధర ఎగిరితే ఆ భాగం నష్టానికి హద్దే ఉండదు.

ప్రీమియం ఆదాయం, తిరిగి కొన్నప్పుడు వచ్చే నష్టం రెండూ వ్యాపార లెక్కలోకి వస్తాయి. ఆ నష్టాన్ని జీతంలో తగ్గించుకోలేరు. రిటర్న్ కూడా ఐటీఆర్-3లో వేయాలి, మొదటి కాల్ అమ్మేముందే మీ ఆడిటర్‌తో మాట్లాడండి.