బౌన్సయిన చెక్కు గురించి అబ్బాయికి

చిరంజీవి అబ్బాయికి,

పెదనాన్న ఆశీస్సులు. సిమెంటు బాకీ కింద ఆ కాంట్రాక్టరు ఇచ్చిన రెండు లక్షల నలభై వేల చెక్కు బౌన్సయిందని, వెంటనే కేసు వేయమంటావా అని అడిగావు. ముప్పై ఏళ్లు బ్యాంకులో చెక్కులు చూసినవాడిని కాబట్టి వరసగా చెబుతాను.

ముందు చెక్కుతో పాటు బ్యాంకువాళ్లిచ్చిన రిటర్న్ మెమో తీసి చూడు. మూడు నెలలు దాటిన తేదీ, అక్షరాల్లో ఒకటి అంకెల్లో ఒకటి, దిద్దుబాటు లాంటి కారణమైతే తగవే లేదు, ఇంకో చెక్కు రాయించుకుంటే సరి. సంతకం తేడా అని ఉన్నా మొదట ఫోన్ చేసి అడుగు. నీ మెమోలో ‘ఫండ్స్ ఇన్‌సఫిషియెంట్’ అని ఉందన్నావు. అంటే ఖాతాలో డబ్బు చాల్లేదు. చెక్కు బౌన్సవడాన్ని నేరంగా చూసే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ పట్టేది ఇక్కడే.

నీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టిన మాట వేరే ఉంది. మధ్యలో అతను ఫోన్‌లో నలభై వేలు వేశాడన్నావు. అవి చెక్కు బ్యాంకులో వేయకముందు వచ్చాయా, తర్వాతా? ముందే వచ్చి ఉంటే నీకు రావలసింది రెండు లక్షలే, నువ్వు వేసింది రెండు లక్షల నలభై వేల చెక్కు. రావలసినదానికంటే ఎక్కువకు వేసిన చెక్కు మీద 138 కేసు నిలవదని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. అలాగైతే మిగిలిన రెండు లక్షలకు కొత్త చెక్కు అడుగు. ఇవ్వనంటే బిల్లులు పెట్టి సివిల్ దావా వెయ్యాలి. దానికి మామూలుగా మూడేళ్ల గడువుంటుంది, కానీ ఏ తేదీ నుంచి లెక్కో లాయరు చేత చూపించుకో.

బౌన్సయ్యాక వచ్చిన డబ్బైతే కేసుకు అడ్డం కాదు. కేసుకు ముందు, డబ్బు కట్టమని అతనికి పంపే నోటీసులో చెక్కు మొత్తం, అందిన నలభై వేలు, ఇంకా ఇవ్వాల్సిన రెండు లక్షలు విడివిడిగా రాయించు.

ఇక రోజుల లెక్క. మెమో నీ చేతికి జూన్ 10న వచ్చిందనుకో. జూలై 10 లోపు నోటీసు పంపాలి. స్పీడ్ పోస్టులో పంపి రసీదు, అందినట్టు రుజువు దాచుకో. జూన్ 24న అతనికి అందితే, జూలై 9 దాకా పదిహేను రోజులు అతనివి. ఆ లోపు కట్టేస్తే నేరమే లేదు. ఆ లోపే నువ్వు కోర్టుకెళితే నీ ఫిర్యాదు చెల్లదు, తొందరపడి పాడుచేసుకున్నవాళ్లని చూశాను. పదిహేను రోజులూ గడిచాక ఒక నెలలోపు ఫిర్యాదు వెయ్యాలి, చివరి రోజు దాకా ఆగకు. అతని బ్యాంకు హైదరాబాదులో ఉన్నా ఫరవాలేదు, నీ ఖాతా తెనాలి బ్రాంచిలో ఉంది కాబట్టి కేసు అక్కడి పరిధిలోనే. నేరం రుజువైతే రెండేళ్ల దాకా జైలు, లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ. ఈ లోపు మెమో, అసలు చెక్కు, సరుకు అందినట్టు సంతకమున్న బిల్లులు ఒక్క కవర్లో పెట్టు.

నువ్వూ కంపెనీలకి చెక్కులిస్తావు కాబట్టి అవతలి పక్షం కూడా తెలుసుకో. పోయినేడు మన బావగారి అల్లుడికి రావలసిన డబ్బు రెండు రోజులు ఆలస్యమై అతనిచ్చిన చెక్కు తిరిగొచ్చింది. మెసేజ్ చూసిన గంటలోపే అవతలివాళ్లకి ఫోన్ చేయమన్నాను. మర్నాడు డబ్బు ఖాతాకి పంపి, చెక్కు నంబరు వేసి ముట్టినట్టు రాయించుకుని, అసలు చెక్కు వెనక్కి తీసుకున్నాడు. ఆ చివరి పని మరిచిపోతే డబ్బిచ్చి కూడా చెక్కు వాళ్ల దగ్గరే ఉండిపోతుంది. నగదు మాత్రం ఇవ్వొద్దన్నాను, తర్వాత ఇవ్వలేదంటే చూపించడానికి ఏముంటుంది?

నోటీసు వస్తే కవరు తిప్పి పంపేస్తే తప్పించుకున్నట్టు కాదు, సరైన చిరునామాకి వచ్చినదాన్ని తీసుకోకపోయినా అందినట్టే లెక్క కడతారు. బాకీ నిజంగా ఉండగా స్టాప్ పేమెంట్ చెప్పినా 138 తప్పదు. ఆ బాకీ లేదనుకుంటే, కారణం రాసి ఆ పదిహేను రోజుల్లోనే జవాబివ్వాలి. సంతకం పెట్టిన ఖాళీ చెక్కు ఎవరికీ ఇవ్వకు నాయనా. సంతకం నీదని తేలాక అది బాకీ కిందే ఇచ్చావని కోర్టు ముందు అనుకుంటుంది, కాదని చూపించే భారం నీ మీద పడుతుంది.

మెమో ఫోటో, ఆ నలభై వేలు వచ్చిన తేదీ కనబడే స్క్రీన్ వాట్సాప్‌లో ఈ రాత్రికే పంపు. రెండు తేదీలూ చూశాక, లాయరు దగ్గరికి ఏ కాగితాలతో వెళ్లాలో ఫోన్‌లో చెబుతాను.

ఇట్లు,
మీ పెదనాన్న